సంక్రాంతి పోస్టులో మొదటి వరుస ఆఖరి తేదీదే కావాలి

మా డెల్టాలో సంక్రాంతి నెల పట్టేసరికి పిండివంటల దుకాణాల పోస్టులు వాట్సాప్‌లోనూ, ఫేస్‌బుక్‌లోనూ వరుస కడతాయి. ముగ్గు, గాలిపటం, పళ్లెం నిండా అరిసెలు, మూలన చిన్న విమానం బొమ్మ, కింద "అమెరికా, లండన్, ఆస్ట్రేలియా, ప్రపంచంలో ఎక్కడికైనా పంపుతాం" అనే ఒక వాక్యం. రావులపాలెం నుంచి తణుకు దాకా విదేశాలకు సరుకు పంపే దుకాణాలలో కొన్నింటికి నేను పండగ పోస్టులు రాసి పెడుతుంటాను. ఆ అనుభవంతో ఒక మాట గట్టిగా చెప్పగలను. విదేశంలో ఉన్న తెలుగు కుటుంబానికి అలాంటి పోస్టు దాదాపు పనికిరాదు. ఆ కుటుంబానికి కావలసిన సంగతులు మూడు: ఏ తేదీలోగా ఆర్డర్ ఇస్తే పండగకు అందుతుంది, కస్టమ్స్ దగ్గర ఏమవుతుంది, అక్కడ అదనంగా ఎవరు ఎంత కట్టాలి. ఈ మూడూ లేని పోస్టు శుభాకాంక్షల కార్డే తప్ప వ్యాపార ప్రకటన కాదు.

దుకాణదారులు దీనికి చెప్పే అభ్యంతరం నాకు కంఠతా వచ్చు. "ఆయ్, తేదీలూ కస్టమ్సూ రాస్తే కొనేవాడు బెదిరిపోతాడండి, పండగ పూట అవన్నీ ఎందుకండి?" అంటారు. బెదిరిపోయేవాడు కొందరు ఉంటారు, కాదనను. అయితే పండగ వెళ్లిన నాలుగో రోజున పార్సెల్ అందుకున్నవాడు, లేదా ముందు ఎవరూ చెప్పని సుంకం బిల్లు కొరియర్ నుంచి వచ్చినవాడు, మళ్లీ ఆ దుకాణం వైపు చూడడు. చూడకపోగా తన ఊళ్లోని తెలుగువారి గ్రూపులో ఆ సంగతి రాస్తాడు. ముందుగా బెదిరి ఆగిపోయినవాడు వచ్చే ఉగాదికైనా అడుగుతాడు.

తేదీ ఎలా కట్టాలో గడచిన సంక్రాంతినే తీసుకుని చెబుతాను. 2026లో భోగి జనవరి 14న, సంక్రాంతి 15న, కనుమ 16న వచ్చాయి. సంక్రాంతి గురువారం. అమెరికాలో ఆ రోజు సెలవు కాదు కనుక చాలా కుటుంబాలు చుట్టాలనూ స్నేహితులనూ పిలుచుకునేది అంతకు ముందు వచ్చే శని ఆదివారాలలో, అంటే 10, 11 తేదీలలో. కాబట్టి డాలస్‌లో ఉన్న ఇంటికి పెట్టె చేరవలసిన రోజు 15 కాదు, 9వ తేదీ శుక్రవారం. ఇక్కడి నుంచి వెనక్కి లెక్కించుకుంటూ రావాలి.

అమెరికాలో దిగాక కస్టమ్స్ నుంచి విడుదలై, అక్కడి లోపలి రవాణాలో ఇంటి గుమ్మం దాకా చేరడానికి నాలుగైదు పని దినాలు విడిచిపెట్టాలి. జనవరి 1 అక్కడ సెలవు, 3, 4 తేదీలు శని ఆదివారాలు. కనుక పార్సెల్ జనవరి 2కల్లా అక్కడ దిగి ఉండాలి. క్రిస్మస్ రద్దీకి విమానాలలో సరుకు నిలిచిపోయే రోజులవి కాబట్టి హైదరాబాదులో ఎగుమతి పత్రాలు డిసెంబర్ 29 సోమవారానికి పూర్తవ్వాలి. అలా కావాలంటే మా వైపు నుంచి లారీయో బస్సు పార్సెలో 26 శుక్రవారం రాత్రి బయలుదేరాలి. వంట 23 నుంచి 25 దాకా, ప్యాకింగ్ 26న. అంటే ఆర్డర్లు మూసివేయవలసిన రోజు డిసెంబర్ 22, సోమవారం. అంతా సవ్యంగా జరిగితే పెట్టె ఐదో తేదీకో ఆరో తేదీకో చేరిపోతుంది. ఎక్కడైనా ఒక చోట తనిఖీకి ఆగినా భోగికి ముందు నాలుగు రోజులు చేతిలో మిగులుతాయి.

ఈ లెక్క ప్రకారం మొదటి పోస్టు డిసెంబర్ మొదటి వారంలోనే పడాలి. మన వీధుల్లో ఇంకా హరిదాసు కూడా కనిపించని రోజులవి. చాలామంది ధనుర్మాసం పట్టాక, అంటే డిసెంబర్ 16 ప్రాంతంలో పోస్టులు మొదలుపెడతారు. అప్పటికి విదేశీ ఆర్డర్లకు మిగిలేది వారం మాత్రమే. ఇక జనవరి 10న "అమెరికాకు కూడా పంపబడును" అని పెట్టే పోస్టు ఎవరి కోసమో నాకు అర్థం కాదు.

తేదీ రాసే తీరులో కూడా ఒక చిక్కు ఉంది. మనం "10/12" అని రాస్తే డిసెంబర్ పది. అమెరికాలో పదేళ్లుగా ఉంటున్న కుర్రవాడు దాన్ని అక్టోబర్ పన్నెండు అని చదువుతాడు, లేదా ఏది అనుకోవాలో తెలియక వదిలేస్తాడు. నెల పేరు అక్షరాలలో, పక్కన వారం పేరుతో రాస్తే ఈ తికమక ఉండదు. "ఆఖరి తేదీ" అన్నప్పుడు ఎవరి గడియారం ప్రకారమో కూడా చెప్పాలి. డాలస్‌లో చలికాలపు రాత్రి తొమ్మిది గంటలంటే మనకు మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. పిల్లలు పడుకున్నాక ఫోన్ చూసుకునే వేళ అది. నేను అమెరికా వారి కోసం రాసే పోస్టులను ఇక్కడి సమయం ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్యనే పెట్టిస్తాను.

ఆ పోస్టును మొదట చూసేది చాలాసార్లు డాలస్‌లో ఉన్న కొడుకు కాదు, తణుకులోనో అమలాపురంలోనో ఉన్న తల్లి. ఆమె చూసి, "ఒరేయ్, ఇది చూడరా" అని వాడికి పంపుతుంది. కాబట్టి పోస్టు ఆమెకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి, వాడు చూడగానే కావలసిన తేదీ కంటబడాలి. డబ్బు కట్టేది ఆమె అయినా కావచ్చు, వాడైనా కావచ్చు. ఈ తేడా కస్టమ్స్ దగ్గర చాలా పెద్దది, ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నదీ దాని గురించే.

2025 ఆగస్టు 29 దాకా అమెరికాకు 800 డాలర్ల లోపు విలువ గల పార్సెల్ సుంకం లేకుండా వెళ్లేది. మన పిండివంటల పెట్టెలన్నీ ఆ పరిమితిలోనే ఉండేవి కనుక కొనేవాడికి సుంకం అనే మాటే తెలియదు. ఆ రోజుతో ఆ మినహాయింపు అన్ని దేశాలకూ పోయింది. దానికి నాలుగు రోజుల ముందే, ఆగస్టు 25 నుంచి, మన తపాలా శాఖ అమెరికాకు పార్సెళ్లు తీసుకోవడం చాలావరకు నిలిపివేసి, సుంకం ఇక్కడే ముందుగా కట్టించుకునే ఏర్పాటుతో అక్టోబర్ 15న తిరిగి మొదలుపెట్టింది. ఆ ఏడాది దసరా అక్టోబర్ 2న, దీపావళి 20న. అంటే తపాలా ధర చూపించి దసరా పోస్టులు ముందే సిద్ధం చేసుకున్న దుకాణాలకు ఆ పోస్టులు ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఆ తర్వాత కూడా భారత సరుకుల మీద సుంకం రేటు పలుమార్లు మారింది. అందుకే బొమ్మ మీద రేటు ముద్రించవద్దని చెబుతాను. బొమ్మ ఏళ్ల తరబడి ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది, కింద రాసిన వాక్యాన్ని మనం దిద్దుకోవచ్చు. రేటు వాక్యంలోనే ఉండాలి, పక్కన "ఫలానా తేదీ నాటికి" అని కూడా ఉండాలి.

ఇప్పుడు మినహాయింపు పోయింది కనుక కొన్ని దుకాణాలు కొత్త మాట పట్టుకున్నాయి: "గిఫ్ట్ అని రాసి పంపుతాం, సుంకం పడదు." పోస్టులోనే బాహాటంగా రాస్తున్నారు. ఇది తప్పు, పైగా తాము చేయబోయే తప్పుకు తామే రాసిచ్చిన సాక్ష్యం. అమెరికాలో వ్యక్తి నుంచి వ్యక్తికి వెళ్లే 100 డాలర్ల లోపు నిజమైన బహుమతికి మినహాయింపు ఇంకా ఉంది. తణుకులోని తల్లి తన డబ్బుతో అరిసెలు కొని, పంపినవారిగా తన పేరు రాయించి కొడుక్కి పంపితే అది బహుమతి. అదే కొడుకు డాలస్ నుంచి తన కార్డుతో దుకాణానికి డబ్బు కడితే అది అమ్మకం, పెట్టె మీద గిఫ్ట్ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అమ్మకమే. రెండు వేల రూపాయల సరుకును రెండు వందలని రాయడం కూడా ఈ కోవలోదే. పట్టుబడితే పెట్టె నిలిచిపోతుంది, తిరిగి విలువ కడతారు, సంజాయిషీ చెప్పుకోవలసింది అక్కడ పార్సెల్ అందుకునే మనిషి. మన దుకాణం రాసిన అబద్ధానికి ఆ కుటుంబం జవాబు చెప్పుకోవడం న్యాయం కాదు.

బహుమతి అన్నంత మాత్రాన ఆహార నిబంధనలు తప్పిపోవు. అమెరికాకు వెళ్లే ప్రతి ఆహార పార్సెల్‌కూ అక్కడి ఆహార, ఔషధ సంస్థ అయిన ఎఫ్‌డీఏకు ముందస్తు సమాచారం ఇవ్వాలి. విమానంలో వెళ్లే సరుకుకు అది అక్కడ దిగడానికి కనీసం నాలుగు గంటల ముందు, తపాలాలో వెళ్లేదానికి పంపక ముందే ఈ సమాచారం అందాలి. ఇంట్లో తన చేత్తో వండి, తానే బహుమతిగా పంపే మనిషికి దీని నుంచి మినహాయింపు ఉంది. అమ్మ వంటింట్లో చేసిన సున్నుండలకు అది వర్తిస్తుంది. అమ్మ దుకాణంలో కొన్న సున్నుండలకు వర్తించదు. దుకాణాలు "ఇంటి వంట అని రాయించేస్తాం" అనడం ఈ మినహాయింపును దొంగదారిన వాడుకోవడమే. ముందస్తు సమాచారం ఇవ్వనందుకు ఆగిన పార్సెల్‌ను ట్రాకింగ్‌లో గుర్తుపట్టవచ్చు. కదలిక లేకుండా "క్లియరెన్స్" అన్న ఒకే మాట దగ్గర రోజుల తరబడి నిలిచి ఉంటుంది, ఆ వెనకే తయారీదారు వివరాలు అడుగుతూ కొరియర్ నుంచి మెయిల్ వస్తుంది.

ఆ వివరాలలో ముఖ్యమైనది తయారీ స్థలానికి ఎఫ్‌డీఏ ఇచ్చిన నమోదు సంఖ్య. దీన్ని ప్రతి సరి సంవత్సరంలో అక్టోబర్ 1 నుంచి డిసెంబర్ 31 లోపు కొత్తగా నమోదు చేసుకోవాలి. 2026 సరి సంవత్సరం. అంటే 2027 సంక్రాంతికి సరుకు పంపేవారు సరిగ్గా ఆర్డర్ల హడావుడిలో ఉన్న మూడు నెలలలోనే ఈ పని కూడా చేసుకోవాలి. మరచిపోతే జనవరిలో అక్కడ దిగే పెట్టెకు చెల్లని సంఖ్య ఉంటుంది. ఇదే నమోదును పట్టుకుని "ఎఫ్‌డీఏ ఆమోదం పొందిన అరిసెలు" అని ఆ సంస్థ ముద్రతో సహా పోస్టులలో వేసేవారున్నారు. నమోదు అంటే ఆమోదం కాదు. ఆ సంస్థ అరిసెలను రుచి చూసి పత్రం ఇవ్వదు, దాని ముద్రను మన ప్రకటనలో వేసుకోవడానికి వీలూ లేదు. "మా తయారీ కేంద్రం నమోదైంది, ముందస్తు సమాచారం మేమే ఇస్తాం" అని రాస్తే నిజమూ అవుతుంది, కొనేవాడికి ధైర్యమూ కలుగుతుంది.

ఇక బొమ్మలో ఏ వంటకం పెట్టాలన్నది రుచి వ్యవహారంలా కనిపిస్తుంది గాని, నిజానికి అది రవాణా వ్యవహారం. డిసెంబర్ 24న వండింది జనవరి 15న తినాలంటే ఇరవై రెండు రోజులు నిలవాలి. కోనసీమ కొబ్బరితో చేసిన లౌజు చూడడానికి ఎంత ముచ్చటగా ఉన్నా, పచ్చికొబ్బరి అన్ని రోజులు ఆగదు. తాపేశ్వరం కాజాలో పాకం పెట్టె తిరగబడితే కారి అడుగు అట్టను నానబెడుతుంది. తడిసిన పెట్టె కొరియర్ గోదాములోనే పక్కకు పడిపోతుంది. నూనె బాగా ఒత్తి తీసిన అరిసెలు, సున్నుండలు, బెల్లం గవ్వలు, జంతికలు, ఎండుకొబ్బరి కూరిన కజ్జికాయలు తట్టుకుంటాయి. జంతికలు కూడా వాడిన నూనెలో వేయించినవైతే పెట్టె తెరవగానే పాతనూనె వాసన కొడతాయి, అందుకని ఎగుమతి వాయిని కొత్త నూనెలోనే వేయించాలి. విదేశీ పోస్టు బొమ్మలో తట్టుకునేవే ఉండాలి. పాలకోవా, మాంసం పచ్చళ్లు అసలే ఉండకూడదు. మా భీమవరం వైపు రొయ్యల పచ్చడి, కోడి పచ్చడి పేరున్నవే, కానీ భారతదేశం నుంచి కోడి, వేట మాంసం పచ్చళ్లను అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాలు రానివ్వవు. బొమ్మలో చూసినవాడు అడగక మానడు, లేదని చెబితే నొచ్చుకోకా మానడు.

పూతరేకుల సంగతి వేరు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, విదేశాలలో అందరూ మొదట అడిగేది వాటినే. అవి తేలిక, కానీ చోటు ఎక్కువ తింటాయి, నలిగితే పొడి అవుతాయి. కొరియర్ సంస్థలు తూకాన్ని రెండు విధాలుగా చూస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలు ఒకటి, అసలు తూకం రెండోది. ఏది ఎక్కువైతే దానికి డబ్బు. పూతరేకులు, అరిసెలు చెరి రెండు కిలోలు, సున్నుండలు, జంతికలు చెరి కిలో అనుకుందాం. సరుకు 6 కిలోలు, అట్టలతో కలిపి ఏడున్నర. రేకులు నలగకుండా సర్దడానికి 45, 35, 30 సెంటీమీటర్ల పెట్టె కావాలి. లెక్క వేస్తే 9.45, అరకిలోకు సవరిస్తే తొమ్మిదిన్నర కిలోల రవాణా. "కిలోకు ఇంత" అని పోస్టులో రాసి, చివర తొమ్మిదిన్నర కిలోలకు బిల్లు వేస్తే కొనేవాడు మోసపోయాననే అనుకుంటాడు. అందుకే విదేశీ పోస్టులో కిలో ధర కన్నా, లోపల ఏముందో చెప్పి ఇంటికి చేరేసరికి ఇంత అని ఒక పెట్టె ధర చెప్పడమే మేలు.

లేబుల్ మీద నువ్వుల మాట మరచిపోయేవారు చాలామంది. సంక్రాంతి వంటల్లో నువ్వులు లేనివి తక్కువ. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా తప్పనిసరిగా ప్రకటించవలసిన తొమ్మిదో అలర్జీ పదార్థం. వేరుశనగ, పాలు, గోధుమ అంతకు ముందు నుంచే ఆ జాబితాలో ఉన్నాయి. అరిసెల మీద అద్దిన నువ్వులను, అరిసెలను వేయించిన నెయ్యిని ఇంగ్లీషులో లేబుల్ మీద రాయాలి. పోస్టులో కూడా ఒక వాక్యం ఉంటే అక్కడి ఇళ్లలో చిన్నపిల్లలు ఉన్నవారికి ఉపకారం.

ఒకే పోస్టు ప్రపంచమంతటికీ సరిపోదనడానికి ఆస్ట్రేలియా చాలు. అక్కడి జీవభద్రత అధికారులు పాలతో చేసిన భారతీయ మిఠాయిలను రానివ్వరు. బ్రిటన్‌లోనూ పాల పదార్థం ఎక్కువగా ఉన్న మిఠాయి ఇబ్బందే. కాబట్టి డాలస్ వారికి రాసిన జాబితాను మెల్‌బోర్న్ వారికి పంపకూడదు. దేశానికొక పోస్టు రాయడం అదనపు పనే, కానీ అది సగం పూట పని.

ఇవన్నీ పెడితే పోస్టు చాంతాడంత అవుతుందని అంటారు. అవ్వదు. గత సంక్రాంతికి నేను రాసిన వాటిలో ఒకటి దాదాపు ఇలా ఉంది:

> అమెరికాలో ఉన్నవారికి సంక్రాంతి పెట్టె. ఆర్డర్లకు ఆఖరి రోజు డిసెంబర్ 22 సోమవారం, భారత సమయం రాత్రి 8 గంటలు. జనవరి 9 శుక్రవారానికి చేరేలా పంపుతాం. కస్టమ్స్ తనిఖీకి ఆగితే ఆలస్యం కావచ్చు, ఆ సమయం మా చేతిలో ఉండదు. సుంకం పెట్టె ధరలోనే కలిపాం, మీ ఇంటి దగ్గర ఏమీ కట్టనక్కరలేదు. అరిసెలు, సున్నుండలు, గవ్వలు, జంతికలు, పూతరేకులు. నువ్వులు, నెయ్యి, గోధుమ ఉన్నాయి. పాలకోవా, మాంసం పచ్చళ్లు పంపము. కొరియర్ నుంచి మెయిల్ వస్తే అదే రోజు మాకు చెప్పండి.

సుంకం కలపకుండా అమ్మే దుకాణమైతే ఆ వాక్యం మార్చి, "సుంకం, కొరియర్ వారి రుసుము మీరు కట్టాలి" అని అంతే సూటిగా రాయాలి. ఆ రుసుమునే చాలామంది మరచిపోతారు. సుంకాన్ని మన తరఫున ముందుగా కట్టినందుకు కొరియర్ సంస్థ విడిగా వసూలు చేసుకునే మొత్తం అది. చిన్న పెట్టె మీద ఒక్కోసారి సుంకం కన్నా అదే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆఖరి తేదీ దాటిన మర్నాడు, డిసెంబర్ 23న, ఇంకో పోస్టు పెట్టాలి. దుకాణదారులకు ఇది అసలు నచ్చదు. "అమెరికాకు సంక్రాంతి ఆర్డర్లు ముగిశాయి. ఇప్పుడు ఇచ్చేవి పండగ తర్వాతే చేరవచ్చు, ఒప్పుకుంటేనే తీసుకుంటాం" అని అందులో రాయిస్తాను. ఆ పోస్టు చూసి కూడా ఆర్డర్ ఇచ్చేవారు ఉంటారు. "కనుమ దాటాక వచ్చినా పరవాలేదండి, మా నాన్నగారికి సున్నుండలు కావాలంతే" అంటారు. వారికి పెట్టె జనవరి 20న చేరినా తగువు ఉండదు. 19 అక్కడ సెలవు రోజు కనుక 20న చేరవచ్చని మాత్రం ముందే చెప్పుకోవాలి.